మిగులు రెప్స్, శ్రమ అంచనా: రోజువారీ బరువును ఎంచుకునే పద్ధతి

బరువుల వ్యాయామంలో ఒక సెట్ ముగించి బార్‌ను ర్యాక్ మీద పెట్టేసరికి, ఫారం చెడకుండా ఇంకా ఎన్నిసార్లు ఎత్తగల శక్తి మిగిలి ఉందో ఆ సంఖ్యను మిగులు రెప్స్ అంటారు. శిక్షణ ప్రణాళికల్లో దీన్ని ఆర్‌ఐఆర్ అని రాస్తారు. ఆ సెట్ ఎంత కష్టంగా సాగిందో పది అంకెల స్కేలు మీద చెప్పేది ఆర్‌పీఈ, అంటే శ్రమ అంచనా. ఇప్పుడు బరువుల శిక్షణలో ఈ రెండూ ఒకే కొలతకు రెండు చివరలు. ఒక్క రెప్ కూడా మిగలకపోతే శ్రమ 10, ఒకటి మిగిలితే 9, రెండు మిగిలితే 8, మూడు మిగిలితే 7. నాలుగు నుంచి ఆరు వరకు మిగిలాయనిపిస్తే 5 లేదా 6 వేస్తారు. అంతకంటే తేలికైన సెట్లలో మిగులును లెక్కపెట్టడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. కచ్చితంగా ఒకటి, బహుశా రెండు అనిపించినప్పుడు 8.5 వేయడం కూడా వాడుకలో ఉంది.

ఈ స్కేలు ఇప్పుడు ఎక్కువగా ఉపయోగపడేది, ఈ రోజు బార్ మీద ఎంత బరువు వేయాలో తేల్చుకోవడానికి. ఈ వ్యాసం ఆ ఒక్క వాడకాన్నే, ముఖ్యంగా స్క్వాట్ విషయంలో, వివరిస్తుంది.

స్కేలు ఎక్కడిది

శ్రమను మనిషి నోటి మాటతోనే కొలవవచ్చని చూపినవాడు స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్. 1960లలో మొదలుపెట్టి ఆయన రూపొందించిన స్కేలు 6 నుంచి 20 వరకు నడుస్తుంది. ఈ విచిత్రమైన అంకెలకు కారణముంది. సైకిల్ తొక్కే ఆరోగ్యవంతుడైన యువకుడు 13 అని చెబితే, దాన్ని పదితో గుణిస్తే ఆ సమయంలో అతని గుండె వేగం దాదాపుగా వచ్చేలా ఆ స్కేలు కుదిరింది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి నాడి చూసి శ్రమను కొలవలేం కాబట్టి, గుండె జబ్బు నుంచి కోలుకుంటున్న వారి వ్యాయామంలో బోర్గ్ స్కేలును నేటికీ వాడుతున్నారు. తర్వాత 1982లో ఆయన 0 నుంచి 10 వరకు ఉండే మరో స్కేలును ప్రకటించారు.

ఇవి బార్‌బెల్ దగ్గర సరిగా పనిచేయలేదు. స్క్వాట్‌లో ఐదు రెప్స్ సెట్ పది పదిహేను సెకన్లలో అయిపోతుంది, ఆ లోపు గుండె వేగం కథ చెప్పదు. "చాలా కష్టం" అనే మాట ఒకరికి రెండు రెప్స్ మిగిలిన సెట్‌కు సరిపోతే, మరొకరికి ఐదు మిగిలిన సెట్‌కూ సరిపోతుంది. అమెరికా పవర్‌లిఫ్టర్ మైక్ టుషెరర్ ఈ చిక్కును విప్పాడు. 2008లో వెలువరించిన తన శిక్షణ పుస్తకంలో ప్రతి అంకెకూ మిగులు రెప్స్‌ను జోడించాడు. దాంతో అనుభూతి కాస్తా లెక్కించదగిన విషయమైంది. 8 అన్నవాడిని నిజంగా ఇంకో రెండు ఎత్తమని అడిగి సరిచూడవచ్చు. 2016లో మైఖేల్ జోర్డోస్ బృందం ఈ స్కేలును స్క్వాట్ మీద ప్రయోగశాలలో పరీక్షించింది. శ్రమ అంకె పెరిగేకొద్దీ బార్ పైకి లేచే వేగం తగ్గుతుందనీ, అనుభవం ఉన్నవారిలో ఈ సంబంధం మరింత గట్టిగా ఉంటుందనీ ఆ పరీక్ష చూపింది.

శాతాలతో వచ్చిన చిక్కు

అంతకుముందు నుంచీ, ఇప్పటికీ, చాలా ప్రణాళికలు శాతాల మీద నడుస్తాయి. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువు 100 కిలోలైతే, సోమవారం 80 శాతంతో ఐదు రెప్స్ అని రాసి ఉంటుంది. ఇందులో రెండు ఊహలు దాగి ఉన్నాయి. మొదటిది, నెల క్రితం కొలిచిన గరిష్ఠం ఇవాళ కూడా అంతే అని. రెండోది, ఒకే శాతంతో అందరూ ఒకే సంఖ్యలో రెప్స్ తీయగలరని. రెండూ తరచూ తప్పుతాయి. 80 శాతం బరువుతో ఒకరు ఆరు రెప్స్‌కే ఆగిపోతారు, ఇంకొకరు పది దాటుతారు. ఒకే మనిషిలో కూడా లెగ్ ప్రెస్‌కూ బెంచ్ ప్రెస్‌కూ లెక్క వేరు. నిద్ర, తిండి, జ్వరం, వేసవి ఉక్క, రెండు రోజుల క్రితం చేసిన డెడ్‌లిఫ్ట్ అన్నీ ఇవాళ్టి గరిష్ఠాన్ని కొంత కిందికో పైకో జరుపుతాయి.

అలాగని శాతాలను పారేయనక్కర్లేదు. అవి మొదటి అంచనాగా పనికొస్తాయి, చివరి మాట మాత్రం ఇవాళ్టి సెట్‌దే. టుషెరర్ పట్టిక రెంటినీ కలుపుతుంది. ఆ పట్టిక తర్కం సులువైనది: రెండు మిగిల్చి ఐదు రెప్స్ తీయడమంటే ఏడు తీయగల బరువును ఎంచుకోవడమే. ఏడు తీయగల బరువు గరిష్ఠంలో సుమారు 81 శాతం. మూడు మిగిల్చి ఐదు తీస్తే అది ఎనిమిది తీయగల బరువు, అంటే సుమారు 79 శాతం. ఒకటే మిగిలితే ఆరు తీయగల బరువు, దాదాపు 84 శాతం. ఈ మూడు అంకెల మధ్య దూరం గమనిస్తే ఒక్కో రెప్‌కు రెండున్నర శాతం చొప్పున వస్తుంది. జిమ్‌లో రోజూ అక్కరకొచ్చే లెక్క ఇదొక్కటే. అనుకున్నదానికంటే ఒక రెప్ ఎక్కువ మిగిలితే బరువును రెండున్నర శాతం పెంచవచ్చు, తక్కువ మిగిలితే అంతే తగ్గించాలి.

ఒక ఉదాహరణ: నాలుగు వారాల స్క్వాట్

గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక మహిళను ఊహించుకుందాం. మూడేళ్లుగా బరువులు ఎత్తుతోంది. స్క్వాట్ గరిష్ఠం 90 కిలోలని పాత లెక్క. ప్రణాళికలో ప్రతి సోమవారం రెండు రెప్స్ మిగిల్చి ఐదు రెప్స్‌తో ఒక ప్రధాన సెట్, ఆ తర్వాత దాదాపు పది శాతం తగ్గించిన బరువుతో మూడు సెట్లు ఉన్నాయి. వారం వారం 2.5 కిలోలు పెంచాలన్నది ఆశ.

మొదటి సోమవారం లెక్క ప్రకారం 90లో 81 శాతం, అంటే 73కు కాస్త తక్కువ. ప్లేట్లకు అందే అంకె 72.5. ఖాళీ బార్‌తో ఎనిమిది, 40 కిలోలతో ఐదు, 55తో మూడు, 65తో ఒకటి చేసి వార్మప్ ముగించింది. ఇందులో ఆఖరిది ముఖ్యం. ప్రతి వారమూ అదే 65 కిలోలు అదే విధంగా ఎత్తడం వల్ల, ఆ ఒక్క రెప్ ఇవాళ ఎలా లేచిందో నిన్నమొన్నటి వాటితో పోల్చుకోవచ్చు. అది మామూలుగానే లేచింది. 72.5తో ఐదు తీసింది, రెండు మిగిలాయని రాసుకుంది. తర్వాతి మూడు సెట్లు 65 కిలోలతో సాగాయి.

రెండో వారం 75తో ఐదు తీస్తే మళ్లీ రెండే మిగిలాయి. 75ను 0.81తో భాగిస్తే 92.6. అంటే గరిష్ఠం కొలవకుండానే అది పెరిగిందని తెలిసింది.

మూడో వారం మార్చి ఆఖరు. ఖాతాల ముగింపు, రాత్రి పదింటిదాకా ఆఫీసు, మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. ప్రణాళికలో ఉన్నది 77.5. కానీ వార్మప్‌లో 65 కిలోలు మధ్యలో కాస్త నిలిచి లేచింది. ఆమె 70 వేసుకుని ఐదు తీసింది, రెండు మిగిలాయి. దీన్ని బట్టి ఆ రోజు గరిష్ఠం 86 కిలోలే. ఆ రోజు 77.5 వేసి ఉంటే అది ఆనాటి గరిష్ఠంలో 90 శాతం. పట్టిక ప్రకారం 89 శాతంతో నాలుగు రెప్స్‌కే ఫెయిల్యూర్ వస్తుంది. అంటే ఆమె నాలుగో రెప్‌ను పళ్లు బిగబట్టి ఎత్తి, ఐదోదానితో సేఫ్టీ పిన్నుల మీద కూర్చునేది. ఆ అలసటతో మిగతా మూడు సెట్లు చెడిపోయేవి, గురువారం డెడ్‌లిఫ్ట్ కూడా దెబ్బతినేది. తగ్గించుకోవడం వల్ల కండరానికి అందాల్సిన పని మాత్రం తగ్గలేదు. రెండు మిగిలేదాకా వెళ్లింది కాబట్టి ఆ రోజు శరీరానికి అది సరైన బరువే.

నాలుగో వారం నిద్ర కుదిరింది. జాగ్రత్తగా 75తో మొదలుపెడితే ఐదు తీశాక మూడు మిగిలాయి. 75ను 0.786తో భాగిస్తే 95 దాటుతుంది. కాబట్టి వచ్చే సోమవారానికి 77.5 సిద్ధం. మూడో వారంలో పడిపోయింది ఆమె బలం కాదు, ఆ రోజు బయటపెట్టగలిగిన బలం మాత్రమే. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన ఉంటేనే ఈ రెంటికీ తేడా కనిపిస్తుంది. ఒక్క రోజు అంకె చూసి ప్రణాళిక మార్చేవారు ఇక్కడే పొరబడతారు.

తగ్గించిన సెట్లకూ ఇదే కొలత. వాటిలో ఏదైనా 9కి చేరితే, అంటే ఒకటే మిగిలితే, అక్కడితో ఆపడమో బరువు ఇంకో 2.5 కిలోలు దించడమో చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లతో నెట్టుకొచ్చే జిమ్‌లలో ప్రధాన సెట్ బాగానే వెళ్లి, మూడో నాలుగో సెట్‌కు మిగులు గబగబా తరిగిపోవడం మామూలు. అప్పుడు ముందుగా పెంచాల్సింది సెట్ల మధ్య విశ్రాంతి. దాంతోనూ కుదరకపోతే బరువు దించాలి.

అంచనా ఎంతవరకు నమ్మదగింది

ఈ పద్ధతికి కొలిచే పరికరం మనిషే. పరికరంలో దోషముంటే లెక్కలన్నీ దోషమే. పరిశోధనల్లో పదే పదే కనిపించిన విషయం, మనుషులు తమ మిగులును నిజం కంటే తక్కువగా చెబుతారు. రెండే మిగిలాయన్నవాళ్లు నిజంగా ప్రయత్నిస్తే మూడు నాలుగు తీస్తారు. ఫెయిల్యూర్‌కు దగ్గరయ్యేకొద్దీ ఈ తప్పు చిన్నదవుతుంది. ఒకటి మిగిలినప్పుడు చెప్పిన మాట, ఐదు మిగిలినప్పుడు చెప్పిన మాట కంటే ఎంతో నమ్మకమైనది. సెట్‌లో రెప్స్ ఎక్కువైతే తప్పు పెరుగుతుంది. ఇరవై రెప్స్ సెట్‌లో తొడల మంట, ఆయాసం ముందుగా అరుస్తాయి, కండరంలో ఇంకా శక్తి ఉండగానే మనసు ఆపేస్తుంది. అందుకే ఈ కొలతకు బాగా లొంగేవి మూడు నుంచి పది రెప్స్ సెట్లు.

కొత్తవాళ్ల సంగతి వేరు. జోర్డోస్ బృందం పరీక్షలో తమ అసలు గరిష్ఠ బరువును ఎత్తినప్పుడు అనుభవజ్ఞులు సగటున 9.8 వేస్తే, కొత్తవాళ్లు 9 దగ్గరే ఆగారు. ఇంకో రెప్ ఉందనుకున్నారు, లేదు. వాళ్లు నిజమైన పదిని ఎప్పుడూ చూడలేదు కాబట్టి దానికి కొంచెం దిగువన ఉన్నదేదో గుర్తుపట్టలేకపోవడం సహజం.

పరికరాన్ని సరిచేసే దారి ఒక్కటే, అప్పుడప్పుడు నిజంగా చివరిదాకా వెళ్లి చూడటం. దీనికి స్క్వాట్ కంటే లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్, కేబుల్ రో వంటి మెషీన్లు మేలు. ఆఖరి సెట్‌లో "ఇక రెండే" అనిపించిన చోట మనసులో గట్టిగా అనుకుని, ఆగకుండా లేవనంతవరకు ఎత్తాలి. నాలుగు వచ్చాయంటే మీ "రెండు" అసలు నాలుగు అన్నమాట. నాలుగైదు వారాలకోసారి ఇలా చూసుకుంటే చాలు. బెంచ్, స్క్వాట్‌లలో చూడాలనుకుంటే పిన్నులు సరైన ఎత్తులో పెట్టి, పక్కన స్పాటర్‌ను నిలబెట్టుకోవాలి.

రెండో సాక్షి ఫోన్. పక్క నుంచి తీసిన వీడియోలో మొదటి రెప్, చివరి రెప్ పైకి లేచే వేగాన్ని పోల్చాలి. ఐదో రెప్ రెండోదానంత చురుగ్గా లేస్తే, అది 8 అని మీకెంత అనిపించినా 8 కాదు. తొడలు నేలకు సమాంతరంగా వచ్చిన చోటు దాటాక బార్ ఆగి ఆగి కదిలితే ఒకటి మించి మిగల్లేదని అర్థం. డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం ఈ సాక్ష్యాన్ని ఆచితూచి నమ్మాలి. చాలామందికి మొదటి రెప్పే నెమ్మదిగా లేస్తుంది, పైగా నడుము కంటే ముందు పట్టు జారిపోయి సెట్ ముగుస్తుంది.

ఎక్కడ గాడి తప్పుతుంది

అన్నింటికంటే తరచుగా కనిపించే తప్పు, బరువును ముందే ఖాయం చేసుకుని అంకెను తర్వాత దానికి సరిపెట్టడం. ప్రణాళికలో 8 అని ఉంది, బార్ మీద తనకు నచ్చిన బరువుంది, కాబట్టి ఎలా సాగినా నోట్‌బుక్‌లో 8 పడుతుంది. పక్కన ఎత్తేవాళ్లుంటే ఇది ఇంకా పెరుగుతుంది. నోట్‌బుక్‌లో వరసగా ఎనిమిదులే ఉండి, మధ్యలో ఫెయిలైన సెట్లు కూడా ఉంటే ఈ తప్పు జరుగుతున్నట్టే. ప్రణాళిక వంక చూడకముందే, సెట్ ముగిసిన అర నిమిషంలోపు అంకె రాయడం దీనికి మంచి విరుగుడు.

దీనికి ఎదురుగా ఇంకో జారుడు ఉంది. ప్రతి రోజూ ఏదో ఒక సాకుతో బరువు తగ్గడం. నెలల తరబడి ఎత్తేవాళ్లు అదే బరువుల దగ్గర ఆగిపోయి, శరీరం చెప్పినట్టు వింటున్నామనుకుంటారు. దీనికి ముందుగానే హద్దు పెట్టుకోవాలి. లెక్క ప్రకారం రావాల్సిన బరువుకు పైకీ కిందికీ ఐదు శాతం మించి జరగకూడదన్నది సగటు రోజులకు సరిపోయే హద్దు. పై ఉదాహరణలో మూడో వారం ఆమె ఈ హద్దు దాటింది. మూడు రాత్రుల నిద్ర లేమి, వార్మప్‌లో బార్ నిలవడం రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి దాటడం సబబే. ఇలా వరసగా రెండు మూడు వారాలు జరిగితే మాత్రం వెతకాల్సింది బార్ దగ్గర కాదు. నిద్ర, తిండి, దాగి ఉన్న జబ్బు, మితిమీరిన మొత్తం సెట్లు చూసుకోవాలి.

బరువులు చిన్నవైనప్పుడు ప్లేట్లే అడ్డొస్తాయి. మన జిమ్‌లలో చాలాచోట్ల అతి చిన్న ప్లేటు 1.25 కిలోలు, రెండు వైపులా కలిపి 2.5. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో 30 కిలోలు ఎత్తేవారికి అది ఎనిమిది శాతానికి పైగా పెరుగుదల, అంటే మూడు రెప్స్ తేడా. అలాంటివారు బరువును అలాగే ఉంచి, రెండు మిగిలేదాకా రెప్స్‌ను మార్చుకోవాలి. ఇవాళ ఆరు, వచ్చే వారం ఏడు, ఎనిమిది దాటాక బరువు పెంపు.

స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లకు మిగులు రెప్స్ లెక్క పొసగదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఎత్తులతోనే. వీటిలో ఎత్తు తప్పేది చాలాసార్లు బలం చాలక కాదు, బార్ దారి అంగుళం పక్కకు పోయినందుకు. అక్కడ కోచ్‌లు రెప్ నాణ్యత, బార్ వేగం చూసి బరువు నిర్ణయిస్తారు.

రోజంతటి శ్రమకు వేసే అంకెతో కూడా దీన్ని కలపకూడదు. కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతిలో శిక్షణ ముగిసిన అరగంటకు మొత్తం కష్టానికి పదికి ఒక అంకె అడిగి, దాన్ని నిమిషాలతో గుణిస్తారు. అది వారం మొత్తం భారం తెలుసుకోవడానికి పనికొస్తుంది, తర్వాతి సెట్‌కు బరువు ఎంచుకోవడానికి కాదు.

ఎంత మిగల్చాలి

లక్ష్యాన్ని బట్టి, కదలికను బట్టి మిగులు మారుతుంది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వంటి పెద్ద ఎత్తులలో రెండు మూడు మిగల్చడం బలానికి సరిపోతుంది. ఫెయిల్యూర్ దాకా వెళ్లిన సెట్ల నుంచి కోలుకోవడానికి అదనంగా ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, ఆ ధర చెల్లించినంత లాభం వీటిలో రాదు. బైసెప్స్ కర్ల్, లెగ్ కర్ల్ వంటి చిన్న కదలికలలో ఒకటి మిగిల్చినా, అసలు మిగల్చకపోయినా నష్టం స్వల్పం. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు ఊపిరి బిగబట్టి ఫెయిల్యూర్ దాకా వెళ్లడం ప్రమాదం. వారికి మూడు నాలుగు మిగలాలి, అదీ వైద్యుల సలహా తీసుకున్నాకే.

ఈ పద్ధతి శాతాల కంటే ఎంత మెరుగు? ఎరిక్ హెల్మ్స్ బృందం 2018లో ప్రకటించిన ఎనిమిది వారాల పోలికలో శిక్షణ పొందిన పురుషులు రెండు జట్లుగా స్క్వాట్, బెంచ్ చేశారు. ఒక జట్టు శాతాలతో, మరొకటి శ్రమ అంచనాతో బరువు ఎంచుకుంది. రెండు జట్లూ బలపడ్డాయి. శ్రమ అంచనా జట్టు కాస్త ముందున్నా ఆ తేడా చిన్నది. జీవితం గడియారంలా సాగేవారికి, మంచి కోచ్ రాసిన శాతాల ప్రణాళిక ఉన్నవారికి దీనివల్ల వచ్చేది కొంచెమే. షిఫ్టులు మారే ఉద్యోగులకు, పరీక్షల్లో ఉన్న విద్యార్థులకు, చంటిపిల్లల తల్లులకు ఇది చాలా ఎక్కువ ఇస్తుంది.

కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి మూడు నాలుగు నెలలు ఈ అంకెలతో బరువు ఎంచుకోవద్దు. అప్పటిదాకా కొద్దికొద్దిగా స్థిరంగా పెంచుకుంటూ పోవాలి. కానీ నోట్‌బుక్‌లో బరువు, రెప్స్ పక్కన మిగులు ఎంతో మొదటి రోజు నుంచే రాయండి. ఆ గడి నిండిన పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిలోకి వస్తుంది.